బియ్యపు గింజంత సందు

మా ఇంట్లో పాలూ నీళ్లూ ఎన్నడూ కలవలేదు. ఇది మా బాపు మాట. గౌలిపురలో మా గల్లీ వాళ్ల మాట కొంచెం వేరుగా ఉండవచ్చు గాని, పొద్దున్నే గిన్నె పట్టుకుని మా అరుగు ముందు నిలబడేవాళ్లలో ఎవరూ ఆ వేరే మాటను బాపు వినేట్టు అనలేదు.

కలపకపోవడం బాపుకి వ్యాపారంగా మొదలై వ్రతంగా మారింది. పొద్దుటి పాలు, సాయంత్రం పాలు కలపడు. శివారు నుంచి వచ్చే పాలకు ఒక క్యాను, ఇంటి బర్రె పాలకు ఒక క్యాను. రెండింటి మూతలు కూడా మారకూడదు. కంచంలో పప్పు పూర్తిగా అయిపోతే గాని పెరుగు వేయనివ్వడు. కందిపప్పు డబ్బాలో అడుగున ఉన్న కాస్త పెసరపప్పు పోసిందని ఒకసారి అమ్మతో ఆ వారమంతా మాట్లాడలేదు. అమ్మ ఆ వారాన్ని ఇప్పటికీ సెలవులనే అంటుంది.

ఇదంతా ముందే ఎందుకు చెప్పానంటే, ఒక మధ్యాహ్నం నేనూ, బాపూ, ఒక నిండు చూడి బర్రే కొట్టంలో ఇరుక్కుపోవడానికి అసలు కారణం ఇదే. పిడుగు రెండో కారణం.

ఇరుక్కోవడం మా ఇంటికి కొత్త కాదు. మా ఇల్లే ఇరుక్కుని పుట్టింది. ఎడమ గోడ ఒకరిది, కుడి గోడ మరొకరిది, ముందు గడప దిగితే గల్లీ. పక్కలకు పోలేక ఇల్లు పైకి పోయింది. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక అంతస్తు లేచి, మూడంతస్తులయ్యాక డబ్బు ఆడటం మానేసింది. ఆ మీద మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు. అలా చూస్తూ చూస్తూ ఉండగానే మా గల్లీలో ఆకాశానికి అందరికంటే దగ్గర ఇల్లు మాదైంది. ఆకాశం కూడా ఆ సంగతి గమనించింది.

వెనక కొట్టం. సిమెంటు రేకుల కింద పొడవాటి చోటు. అవతలి కొసన బండలు పరిచి ఉంటాయి, దాని పక్కనే వెనక గల్లీకి పోయే గేటు. ఇంటి వైపు కొసన మట్టి. మా స్థలం మొత్తంలో సిమెంటు పడని నేల ఆ మూల ఒక్కటే. తాత కాలంలో ఆ కొట్టం నిండా బర్రెలుండేవట. నాకు తెలివొచ్చేసరికి కొన్ని మిగిలాయి. చివరికి ఒక్కటి. నల్లగా, పెద్ద కడుపుతో, ఎవరినీ లెక్కచేయని మొహంతో ఉండేది. అది కూడా పోతే మాది బర్రెలు సాకే గౌలి ఇల్లు కాదు, పాలమ్మే దుకాణం. ఈ మాట బాపు ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా రోజూ దాని పక్కనే కూర్చునేవాడు.

కిందటేడు వానల ముందు మా వెనకింటి వేపచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు నిలువునా చీలింది. దాంతో పాటు మా ఫ్రిజ్, ఫ్యాను, నీళ్ల మోటరు కూడా పోయాయి. చెట్టును గల్లీ అంతా వచ్చి పలకరించింది. మా ఫ్రిజ్‌ను ఎవరూ పలకరించలేదు. ఆ రోజు అమ్మ నన్ను పిలిచి, "నువ్వు ఊరందరి ఇండ్ల మీద కడ్డీలు వెడ్తవు. మన ఇల్లు నీ కండ్లకు కనవడదా?" అంది.

అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. పాలిటెక్నిక్ అయ్యాక నేను పురానాపూల్‌లో ఉండే ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర చేరాను. అందరూ ఆయన్ని భాయ్ అంటారు, నేనూ అంతే. ఇద్దరం కిషన్‌బాగ్ నుంచి ఇటు దాకా ఫంక్షన్ హాళ్ల మీద, అపార్ట్‌మెంట్ల మీద పిడుగు కడ్డీలు పెట్టేవాళ్లం. పెళ్లికి వచ్చినవాళ్లను పిడుగు నుంచి కాపాడేవాళ్లం. పెళ్లి నుంచి ఎవరూ కాపాడలేరు గాని.

భాయ్ వచ్చి మా ఇల్లు చూశాడు. మెట్ల గది మీద రాగి కడ్డీ నిలబెట్టాం. కడ్డీ పిడుగును ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అది దేన్నీ ఆపదు. పడేదేదో తన మీద పడేట్టు చూసుకుంటుంది, అంతే. దాని కొన నుంచి కిందికి గొడుగు పరిచినట్టు కొంత మేర కాపు ఉంటుంది. నీళ్ల ట్యాంకు ఆ గొడుగు కిందికి వచ్చేంత ఎత్తున కడ్డీ పెట్టాం. ట్యాంకు ఇనుప స్టాండునూ, డాబా రెయిలింగునూ దానికి కలిపాం. అక్కడి నుంచి రాగి పట్టీ ఇంటి వెనక గోడ మీదుగా నిటారుగా కొట్టంలోకి దిగింది. పిలవని చుట్టాన్ని ఇంట్లో కూర్చోబెట్టకుండా బయటి నుంచి బయటికే పంపే ఏర్పాటన్నమాట. దారిలో ఎక్కడా మలుపుండకూడదు. తప్పకపోతే వంపు మెల్లగా తిరగాలి. పిడుగు మా గల్లీ ఆటో డ్రైవరు కాదు, మూల మీద తిరగలేక పక్కకు దూకేస్తుంది.

కింద ఎర్త్ గుంత. గుంతకు మట్టి కావాలి, మట్టి ఉన్నది కొట్టం మూలన. రాడ్డు లోతుకు దించి, పైభాగానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, చుట్టూ మందంగా కంకర పోశాం. భాయ్ మీటరు పెట్టి కొలిచి, తలెత్తి బర్రె వంక గౌరవంగా చూశాడు.

"ఇంత మంచి ఎర్త్ నాకు ఫంక్షన్ హాల్లల్ల గూడ రాలే చాచా," అన్నాడు.

"రాకేం," అన్నాడు బాపు. "తాతల కాలంకెల్లి బర్రెలు ఆ మూలకే పోస్తున్నయ్."

"గని ఒక్క మాట. పిడుగు దిగినప్పుడు ఈ మూల నేలల్ల జోరు ఉంటది. బర్రె ముందు కాళ్లు ఒక దిక్కు, ఎనక కాళ్లు ఒక దిక్కు. నడుమ దూరం మస్తు. మన లెక్క కాళ్లు దగ్గరికి వెట్టుకొని నిలవడనీకి దానికి రాదు. దాన్ని గా బండల దిక్కు కట్టున్రి."

బాపు తలూపాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత భాయ్ ఆకుపచ్చా పసుపూ గీతల వైరు ఒకటి తీసి, మీటరు పెట్టె దగ్గరున్న ఇంటి ఎర్తింగ్ పట్టీ నుంచి గోడ వెంట లాక్కొచ్చి, కొట్టంలో రాగి పట్టీ అడుగుభాగానికి బోల్టు పెట్టి బిగించాడు.

"గదేంది?" అన్నాడు బాపు.

"జోడ్. ఇంటి ఎర్తూ, పిడుగు ఎర్తూ కలుపుతున్నం."

బాపు మొహం పెసరపప్పు రోజులా మారింది.

"కలుపుడేంది భాయ్? పిడుగును బోర్డులకు రమ్మని పిలుస్తున్నవా?"

"అరె, పిలుస్తలేను చాచా. నీ ఇంటి మీద రెండు ట్యాంకులున్నయనుకో. నడుమ పైపు ఉంటే నీళ్లు రెండిట్ల ఒక్క తీరుగ లేస్తయ్. పైపు లేకుంటే ఒకటి నిండి రెండో దాని మీద పొర్లుతది. గట్లనే కరెంటు. రెండు ఎర్తులు విడివిడిగ ఉంటే, పిడుగు వడ్డప్పుడు ఒకటి పైకి లేస్తది, ఒకటి కింద ఉంటది. నడుమ తేడా ఉంటే దూకుతది. నడుమ నువ్వుంటే నీ ఒంట్లకెల్లి దూకుతది."

బాపు వైరును ఆ కొస నుంచి ఈ కొసకు చూసి, "సరే," అన్నాడు.

మా ఇంట్లో 'సరే' అంటే కాదు అని అర్థం. భాయ్‌కి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు గాని, అప్పటికే చాయ్ వచ్చింది.

ఈ ఏడు ఎండాకాలం చివర్లో ఒకనాడు భాయ్, నేను ఒక డాబా మీద పని చేస్తుంటే పడమట మబ్బు లేచింది. మబ్బు లేస్తే దిగిపోవాలన్నది భాయ్ నియమం. ఆ నియమం వల్ల ఆయన పనులు ఎప్పుడూ ఆలస్యమవుతాయి, పని చేసేవాళ్లు మాత్రం అందరూ ఉన్నారు. నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ మెయిన్ స్విచ్ దించేసి, ఇక ప్రపంచంలో ఏ ప్రమాదమూ లేదన్నట్టు మామిడికాయలు కోస్తోంది.

"కొట్టంలకు వో," అంది. "బర్రెకు నొప్పులు మొదలైనయట. మీ బాపు ఒక్కడే ఉన్నడు."

ఇంటి వెనక తలుపు దాటగానే ఎడమ పక్క గోడకు రాగి పట్టీ. కుడి పక్క గడ్డి కోసే మిషను, దాన్ని బిగించిన ఇనుప స్తంభం. రెంటి నడుమ నుంచే దారి. బాపు బర్రెను బండల దిక్కు కట్టలేదు. దానికి అలవాటైన తడి మూలలోనే, దాని మెడ గొలుసును మిషను స్తంభానికే కట్టాడు. వెనక కాళ్లు కంకర మీద, తోక కిందగా గుంత మూత. భాయ్ వద్దన్నదంతా ఒక్కటీ పోకుండా జరిగింది.

అలవాటు కొద్దీ పట్టీ వంక చూశాను. బోల్టు ఉంది. వైరూ ఉంది. కాని వైరు చివర ఉన్న రాగి తొడుగు బోల్టు కింద లేదు. పట్టీకి ఆనినట్టే ఉండి, ఆనకుండా, బియ్యపు గింజంత ఎడంగా వెనక్కి వంచి ఉంది. భాయ్ వచ్చి దూరం నుంచి చూస్తే కలిసే ఉందనుకుంటాడు. మా బాపు జీవితంలో చేసిన కల్తీ పని అదొక్కటే. అదీ కలపకుండా ఉండటానికి చేశాడు.

"బాపూ, ఈ వైరు ఎవరు ఊడదీసిండ్రు?"

"అదే ఊడినట్టుంది."

"ఊడిన వైరు మల్ల బోల్టు బిగిచ్చుకుంటదా?"

"మల్ల జూద్దాం తియ్యి. కాళ్లొస్తున్నయ్."

నిజమే. దూడ ముందు కాళ్ల గిట్టలు రెండు బయటికి వచ్చి ఉన్నాయి. అప్పుడే పైన మొదటి ఉరుము దొర్లింది. తొందరేం లేదన్నట్టు, దూరంగా, బరువుగా.

జేబులో స్పానర్ ఉంది. బోల్టు విప్పి, తొడుగు పెట్టి బిగించడం చిటికెలో పని. ముందు భాయ్‌కి ఫోన్ చేసి వైరు సంగతి చెప్పాను.

"ఊపర్ ఆవాజ్ ఆరా క్యా? ఉరుముతున్నదా?" అన్నాడు.

"వస్తున్నది భాయ్."

"తో హాత్ నక్కో లగా. చెయ్యి వెట్టకు. ఉరుము ఇనవడ్డదంటే ఆ పట్టీ మనది గాదు మియా, ఆస్మాన్‌ది. ఇద్దరు ఇంట్లకు వోన్రి."

"బాపు రాడు. బర్రె కాళ్లు బయటికొచ్చినయ్."

"బర్రెకు కాళ్లు బయటనే ఉంటయి గదా."

"దూడవి భాయ్."

"చాచా గొలుసు దేనికి కట్టిండు?" అన్నాడు. చెప్పాను. ఆయన దేవుణ్ణి తలచుకున్నాడు. మా ఇంటి కోసమో, తన పని కోసమో అడగలేదు.

విషయం నాకూ అర్థమైంది. మెయిన్ స్విచ్ దించితే కరెంటు ఆగుతుంది గాని ఎర్త్ వైరు తెగదు. గడ్డి మిషను, స్తంభం ఇంటి ఎర్తింగ్‌కు కలిసి ఉన్నాయి. గుంత మట్టి పిడుగు ఎర్తింగ్‌ది. వైరు బిగించి ఉంటే కడ్డీ మీద పిడుగు పడ్డా రెండూ కలిసే పైకి లేచేవి, స్తంభానికీ పట్టీకీ మధ్య పేచీ ఉండేది కాదు. ఇప్పుడు మధ్యలో ఉన్నవి రెండే. ఒకటి బియ్యపు గింజంత సందు. రెండోది మెడ ఒక ఎర్తుకు, కాళ్లు ఇంకో ఎర్తుకు ఆనించి నిలబడ్డ బర్రె. భాయ్ వైరుకు బదులు బాపు బర్రెను బిగించాడు.

"బాపూ, గొలుసు తియ్యి. దీన్ని బండల దిక్కు తోలుదాం."

"ఈనేటప్పుడు బర్రెను కదుపుతరారా? నీకు పాలిటెక్నిక్‌ల గిదే నేర్పిన్రా?"

"పాలిటెక్నిక్‌ల బర్రెల సబ్జెక్టు లేకుండె. గీ స్తంభానికి కట్టి ఉంటే మాత్రం అది ఈనుడు గాదు, కాలుడే."

ఇంకో ఉరుము. ఈసారి దగ్గరగా. రేకుల మీద పెద్ద చినుకులు ఒకటొకటిగా పడ్డాయి, ఎవరో లెక్కపెట్టి వేస్తున్నట్టు. బాపు పైకి చూశాడు, నా వంక చూశాడు, బర్రె వంక చూశాడు. ముగ్గురిలో ఆయనకు నమ్మకం ఉన్నది బర్రె మీదే. అది నొప్పికి, నొప్పికి మధ్య లేచి నిలబడి, నిట్టూర్చింది. అంతే, నేను ఏదో అనబోయేలోపల బాపు స్తంభం దగ్గరికి పోయి బర్రె మెడలోంచి గొలుసు కొక్కెం తీసేశాడు. ఉరుములో ఆ ఇనుము ముట్టుకోకూడదు. ఆయనకు మాత్రం రోజూ చేసే పనే. మెడకు నూలు పగ్గం వేసి, "రా తల్లీ, రా," అంటూ నడిపించాడు. అది అయిష్టంగా, అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు, ఒక్కొక్క అడుగే వేస్తూ బండల దాకా వచ్చి ఎండు గడ్డి మీద కూలబడింది.

గొలుసు స్తంభం కింద పడి ఉంది. మేము అవతలి కొసకు చేరాం. ఇక ఎక్కడికీ పోవడానికి లేదు. ఇంట్లోకి పోవాలంటే పట్టీకీ స్తంభానికీ నడుమ నుంచే పోవాలి. వెనక గేటుంది గాని, పొద్దున వచ్చిన పచ్చిగడ్డి మోపులన్నీ బాపు దాని అవతలే వేయించాడు, తడవకుండా రేకుల చూరు కిందికి, గేటుకు ఆనించి మరీ. గేటు బయటికి తెరుచుకుంటుంది. మా ఇంట్లో ప్రతి జాగ్రత్తా ఇంకో జాగ్రత్తకు అడ్డం.

అంతలో ఇంటి తలుపులో అమ్మ కనిపించింది. చేతిలో వేడినీళ్ల బకెట్టు, భుజం మీద పాత చీర.

"అమ్మా, ఆగు. అక్కన్నే ఉండు. లోపలికి రాకు."

"నా కొట్టంలకు నేను రానీకి నీ పర్మిషన్ గావాల్నా?"

"ఆ పట్టీ పక్క నుంచి రావాలె. ఉరుముతున్నది గదా. గడప దాటకు."

అమ్మ పట్టీ వంక చూసింది. తర్వాత దాని అడుగున, బోల్టు దగ్గర చూసింది. ఆమె కళ్లు బియ్యంలో రాళ్లు ఏరే కళ్లు.

"ఈ వైరు ఊడదీసింది ఎవరు?"

బాపు దూడ గిట్టలను చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

"నాకెరుకే," అంది అమ్మ. "పెసరపప్పు." బకెట్టు గడప లోపల దించి, చీరను మూటకట్టి మా మీదికి విసిరింది. మూట నేరుగా వచ్చి బాపు తలకు తగిలింది. గురి తప్పిందో, కుదిరిందో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత నడవాలో పీట వేసుకుని, మామిడికాయల బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. "పడితే చెప్పున్రి," అంది.

వాన దంచడం మొదలైంది. సాయంత్రం కాకుండానే చీకటి. ప్రతి మెరుపుకూ పట్టీ ఎర్రగా మెరిసి, మళ్లీ మామూలు రాగి అయ్యేది. నేను గడ్డి మీద రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని ముడుచుకు కూర్చున్నాను. బాపును కూడా అలాగే కూర్చోమన్నాను. ఎండుగడ్డీ, ముడిచిన కాళ్లూ పిడుగుకు మందు కాదని నాకు తెలుసు. ఏమీ చేయలేనప్పుడు చేయడానికి ఏదో ఒకటి ఉండాలి, అంతే. బర్రె మాత్రం తన నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపి పడుకుంది. దానికి ఎవరు చెబుతారు?

"ఒకటి అడుగుత," అన్నాడు బాపు చాలాసేపటికి. "గవి రెండు కలిపితే పిడుగు బోర్డులకు రాదా?"

"కొంచెం జోరు వస్తది. అందుకే గదా భాయ్ మీటరు కాడ ఒక చిన్న డబ్బా వెట్టిండు. వైర్ల మీదికి వచ్చే జోరును అది ఎర్తులకు దించుతది. ఎర్తులన్నీ ఒక్కటిగ లేస్తే ఒకదానికొకదానికి తేడా ఉండది. తేడా లేకుంటే దూకది."

"అంటే కలిస్తే కొట్లాట లేదంటవు."

"ఆఁ."

"మరి పాలల్ల?"

"పాలకూ పిడుగుకూ పోలికేంది బాపూ?"

"నాకు గదొక్కటే ఎరుక," అన్నాడు. నవ్వుతూ అనలేదు. దూడ కాళ్ల మీద చెయ్యి ఆనించి, బర్రె ముక్కినప్పుడల్లా తనూ పళ్లు బిగబట్టి, "ముప్పై ఏండ్లకెల్లి ఒక్కటే పట్టుకున్న. ఒకటి ఇంకోదాంట్ల పొయ్యొద్దు. గంతే. ఇప్పుడు నువ్వొచ్చి పొయ్యమంటవు," అన్నాడు.

నేను పాదాలు ఇంకా దగ్గరికి జరుపుకున్నాను.

అప్పుడు వచ్చింది. కొట్టం తెల్లగా అయిపోయింది. మెరుపూ ఉరుమూ వేరువేరుగా రాలేదు, రెండూ కలిసే వచ్చాయి. రేకులు గొణిగాయి. ఆ తెలుపు పూర్తిగా ఆరిపోకముందే నేను చూస్తున్నది పట్టీ వైపే కాబట్టి నాకు కనిపించింది. బోల్టు దగ్గర, ఆ బియ్యపు గింజంత సందులో, నీలంగా ఒక చుక్క. పిడుగు చప్పుడుకు చెవులు మూసుకుపోయి, ఆ చుక్క చప్పుడు నాకు వినబడలేదు. కాని గడప దగ్గరున్న అమ్మ 'టిక్కు'మన్నదని ఇప్పటికీ చెబుతుంది.

నన్ను క్షమించాలి. పిడుగు మా కడ్డీ మీద పడలేదు. పక్క గల్లీలో ఒకరి పిట్టగోడ మూల ఎగరగొట్టి పోయింది. అక్కడ కూడా ఎవరికీ ఏమీ కాలేదు, తులసి కుండీ ఒకటి పగిలింది. మా ఇంటికి వచ్చినది పిడుగు కాదు, పక్కనుంచి పోతూ అది కదిలించిన గాలి. ఇంత పొడవు పట్టీలో, ఇన్ని వైర్లలో దగ్గర్లో పడ్డ పిడుగు కూడా కాస్త ఒత్తిడి పుట్టిస్తుంది. ఆ కాస్తకే సందు దాటింది.

"గదేంది?" అన్నాడు బాపు. ఆయనా చూశాడన్నమాట.

"నీ సందు," అన్నాను. "పక్క గల్లీల పడితేనే గట్ల దూకింది. మన మీద పడితే ఆ గింజ కాడ ఆగది. గొలుసు కాడికి వోయేది."

బాపు గొలుసు వంక చూశాడు. అది స్తంభం కింద చుట్టలా పడి ఉంది, ఖాళీ కొక్కెం పైకి పెట్టుకుని. ఆ కొక్కెం ఎంతసేపటి క్రితం దేని మెడలో ఉందో ఆయనకు చెప్పాల్సిన పని లేదు. ఏదో అనబోయాడు గాని బర్రె ఆయనకు ఆ అవకాశం ఇవ్వలేదు. మూతి కనిపించింది, తల కనిపించింది. "పట్టు, పట్టు, కిందికి గుంజు, జోరుగ కాదు," అన్నాడు. ఇద్దరం పట్టాం. జారుడుగా, వేడిగా, తడిసిన గోనెసంచి అంత బరువుతో దూడ మా ఒళ్లోకి వచ్చి పడింది. అమ్మ విసిరిన చీరతో బాపు దాని మూతి తుడిచి, తోక ఎత్తి చూశాడు.

"దుడ్డె," అన్నాడు. ఆడది. గడప దగ్గర్నుంచి అమ్మ, "బతికిందా?" అంది. "దుడ్డె," అన్నాడు మళ్లీ, వేరే మాట రానట్టు.

తల్లి నాకింది. దూడ లేవబోయి పడింది, మళ్లీ లేచింది. నాలుగు కాళ్లూ నాలుగు మతాలవాటిలా ఉన్నాయి, ఒక్కటీ ఇంకోదాని మాట వినదు. అయినా నిలబడింది. నిలబడి, లోకంలో అన్ని దిక్కులుండగా, నేరుగా తడి మూలకు, పట్టీ వైపుకు నడక మొదలుపెట్టింది. రక్తంలో ఉన్నట్టుంది. బాపు ముడిచి కూర్చున్న కాళ్లు మరచి, ముందుకు పడి దాని నడుము రెండు చేతులా పట్టి వెనక్కి లాగాడు.

"గటు వోకు. గటు వోకు బిడ్డా."

అది మళ్లీ బయలుదేరింది. మళ్లీ లాగాడు. చివరికి దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

వాన సన్నబడింది. లేవబోయిన బాపును ఆపాను. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా పట్టీ దగ్గరికి పోకూడదు. సరేనన్నాడు, ఈసారి నిజంగా. అరగంట దాదాపు అయ్యేసరికి ఎక్కడో చార్మినార్ అవతల చిన్నగా గురగురమంది.

"ఇది లెక్కకొస్తదా?"

"వస్తది. మల్ల మొదలు."

మళ్లీ కూర్చున్నాం. మళ్లీ గురగురమంది. ఆకాశం మమ్మల్ని కొట్టడం మానేసి ఆటపట్టించడం మొదలుపెట్టింది. అమ్మ మామిడికాయలు కోయడం అయిపోయి, ఉప్పు కలపడం అయిపోయి, గోడకు ఆనుకుని నిద్రపోయింది. వేడినీళ్లు చల్లారాయి. జున్ను పాలు పితకాలి, తల్లికి తౌడు పెట్టాలి, మాయ పడిందో లేదో చూడాలి, అరుగు ముందు సాయంత్రం గిన్నెలు వచ్చి నిలబడి ఉంటాయి. బాపు వీటిలో కొట్టంలో అయ్యేవన్నీ చేశాడు. గిన్నెలు వచ్చినట్టున్నాయి, ముందు నుంచి ఎవరో పిలిచారు. ఇంత చిన్న ఇంట్లో ఒక మనిషి తన ఇంటి ముందుకు తాను పోలేకపోవడం నేను మొదటిసారి చూశాను.

చివరికి అరగంట పూర్తిగా నిశ్శబ్దంగా గడిచింది. నేను స్పానర్ తీశాను. బాపు చెయ్యి చాపాడు.

"ఇటియ్యి."

బోల్టు విప్పాడు. రాగి తొడుగును పట్టుకుని చూశాడు. సందు ఉన్నచోట ఆవగింజంత నల్లటి మచ్చ ఉంది. లుంగీ చివరతో తుడిచాడు, పోలేదు. గరుకు కాగితం ఇచ్చాను. క్యాను మూత లోపలి అంచు తోమినట్టు, ఓపిగ్గా, మెరిసేదాకా రుద్దాడు. బోల్టు కింద పెట్టి బిగించాడు. నేను ఇంకో చుట్టు బిగించబోతే చెయ్యి తీసేశాడు.

"కలిపినంక సరింగ కలపాలె," అన్నాడు.

మర్నాడు భాయ్ మీటరుతో వచ్చి ఒక కొస నుంచి ఇంకో కొసకు కొలిచాడు. అంతా సరిగ్గా ఉందన్నాడు. పట్టీ అడుగుభాగానికి మనిషెత్తు దాకా మందపాటి ప్లాస్టిక్ తొడుగు వేశాడు, దారి పక్కనే ఉంది కాబట్టి. స్తంభానికున్న గొలుసును కోసిపారేశాడు. అమ్మ ఆయనకు జున్ను గిన్నె ఇస్తే, రుచి చూసి, "చాచా, దీంట్ల బెల్లం కలిపిండ్రా?" అన్నాడు.

"కలిపితేనే జున్ను," అన్నాడు బాపు, మొహం అటు తిప్పుకుని.

బర్రెను ఇప్పుడు బండల దిక్కే కడుతున్నాం. మధ్యాహ్నం ఎండకు అది మెడ చాచి తన తడి మూల వంక చూస్తూ ఉంటుంది, అత్తగారింట్లో కూర్చుని పుట్టిల్లు చూస్తున్నట్టు. దూడ ఇంకా అటే పరుగెత్తుతుంది. దాని కోసం బాపు నడుమ వెదురు తడక కట్టాడు. ఆ తడక దాటి రోజుకొకసారి ఆయనే పోతాడు, పొద్దున పాలు పోయడం అయ్యాక. బోల్టు కింద గోరు పెట్టి, సందు ఉందేమో చూసి వస్తాడు. గోరు దూరదు. అయినా చూస్తాడు. అయితే అంతకన్నా ముందు గడప దగ్గర ఆగి, రేకుల అంచు మీదుగా కాసేపు ఆకాశం వంక చూస్తాడు. పైన ఏమీ లేదనిపించాకే గోరు.